పరిచయం అక్కరలేని వాళ్లనూ పరిచయం చెయ్యి

విజయవాడ,
ఆదివారం

శీనూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. కాలేజీలో మైకు చూస్తే పారిపోయేవాడివి, ఇప్పుడు గుంటూరులో మీ గ్రంథాలయ సభకు వ్యాఖ్యాతవా! చూపు లేనివాళ్లు, చూపు బాగా తక్కువున్నవాళ్లు కూడా వస్తున్నారు, పరిచయంలో వాళ్ల కోసం ఏం చెప్పాలని అడిగావు. మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు తెలుసు కదా, గ్లకోమాతో చూపు పోయినాయన. ఆయన పక్కన కూర్చుని ఇక్కడ చాలా సభలు విన్నాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

మన పరిచయాల తీరు నీకు తెలియనిది కాదు. బిరుదులు, పదవులు, సన్మానాలు వరుసగా చదివి, చిట్టచివర పేరు పలుకుతారు. సరిగ్గా అప్పుడే చప్పట్లు మోగుతాయి. చూసేవాళ్లకు ఇబ్బంది లేదు, లేచి నమస్కారం పెట్టిన మనిషి కళ్లెదుటే ఉంటాడు. మాస్టారు మాత్రం నా మోచెయ్యి తట్టి "ఎవరూ?" అంటారు. అందుకని పేరు ముందు చెప్పు, చప్పట్లు ఆగాక మరోసారి చెప్పు. "పరిచయం అక్కరలేని వ్యక్తి" అనే మాట నీ కాగితంలో ఉంటే ఇప్పుడే కొట్టెయ్యి. ఆ మాట విన్నప్పుడల్లా మాస్టారు "నాకు అక్కర ఉంది నాయనా" అని గొణుగుతారు.

అసలు చిక్కు వేరే ఉంది. హాల్లో ఎవరు మాట్లాడినా గొంతు వచ్చేది గోడ పక్కన పెట్టిన స్పీకర్ల లోంచి. అధ్యక్షుడు ఈ చివర, రచయిత్రి ఆ చివర కూర్చున్నా రెండు గొంతులూ ఒకే చోటి నుంచి వినిపిస్తాయి. దిక్కును బట్టి మనిషిని పోల్చుకునే వీలు లేదు, గొంతే ఆధారం. నువ్వు నలుగురి పేర్లూ ఒక్క ఊపులో చదివేస్తే ఏ పేరుకు ఏ గొంతో తెలిసేదెలా? పేరు చెప్పిన వెంటనే ఆ మనిషి గొంతు వినపడాలి. కాబట్టి మొదట్లోనే మైకు చేతులు మారనివ్వు, ఒక్కొక్కరినీ ఒక్క వాక్యం మాట్లాడమను. నలుగురికీ కలిపి నిమిషం కూడా పట్టదు. మీ సభకైతే ఇలా అనవచ్చు (పేర్లు ఊరికే పెట్టాను):

"వేదిక మీద నలుగురు ఉన్నారు. మీ ఎడమ నుంచి కుడికి చెబుతాను. మొదటి కుర్చీలో సభాధ్యక్షులు రామారావు గారు, తెల్ల చొక్కా మీద ఎర్ర శాలువా వేసుకున్నారు. రామారావు గారూ, ఒక్క మాట." వెంటనే ఆయన "నమస్కారం, నేను రామారావును, ఈ సభకు అధ్యక్షుణ్ణి" అంటారు. ఆ తర్వాత పక్క కుర్చీలో రచయిత్రి సుజాత గారు, పసుపుపచ్చ చీర.

ఎడమ అంటే వినేవాళ్ల ఎడమ. వేదికెక్కాక నీ ఎడమ, వాళ్ల ఎడమ తారుమారవుతాయి, కాగితం మీద ముందే రాసి పెట్టుకో. రంగు చెప్పేది ముఖ్యంగా చూపు తక్కువున్నవాళ్ల కోసం. ముఖం ఆనకపోయినా చాలామందికి పెద్ద రంగు మచ్చ తెలుస్తుంది, పసుపుపచ్చ మచ్చ సుజాత గారని పట్టుకుంటారు. అయితే వెనక కట్టిన ఫ్లెక్సీ కూడా పసుపే అయితే ఆ మాట ఎందుకూ పనికిరాదు. అలాంటప్పుడు "రెండో కుర్చీ" అంటే చాలు. ముందుగా హాలు చివరి వరుసలోంచి ఒకసారి వేదికను చూసి రా.

జుట్టు, కళ్లజోడు, చీర అంచు వర్ణించమని కొందరంటారు. చూపు లేనివాళ్లలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు, ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, కాలయాపన అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం ఒక్క వాక్యానికి మించనివ్వను. మాస్టారికి అంచు మీది నెమళ్లతో పనేముంది, మాట్లాడేది ఎవరో తెలిస్తే చాలు.

పరిచయం చివర వక్తలకు అందరి ముందే ఒక విన్నపం చెయ్యి. మధ్యలో ఎవరు అందుకున్నా ముందు తమ పేరు చెప్పాలి: "సుజాతను, దీనికి నేను జవాబు చెబుతాను" అన్నట్టు. మొదట రెండు సార్లు పాటించి తర్వాత మర్చిపోతారు, ఖాయం. అప్పుడు నువ్వే అందుకుని "ఇది సుజాత గారు" అను. ఇద్దరు ఆడవాళ్ల గొంతులు దగ్గరగా ఉంటే మరీ అవసరం. ప్రశ్న అడిగేవాళ్ల చేతికీ మైకు ఇచ్చి పేరు చెప్పించు.

ఇక మన ముఖ్య అతిథులు వేళకు ఎప్పుడొచ్చారు గనక! ఆయన రాగానే కుర్చీలు కదులుతాయి, అందరూ లేస్తారు, వ్యాఖ్యాత "రండి, రండి" అంటాడు. లేచింది ఎందుకో, వచ్చింది ఎవరో మాస్టారికి తెలియదు. ఎవరొచ్చారు, ఏ కుర్చీలో కూర్చున్నారు, అందుకోసం ఎవరు జరిగారు, ఇవన్నీ మైకులో చెప్పి ఆ అతిథి చేత కూడా ఒక వాక్యం పలికించు. మధ్యలో లేచి వెళ్లిపోతే అదీ చెప్పు. జ్యోతి వెలిగించేటప్పుడూ శాలువా కప్పేటప్పుడూ మన మైకు మూగబోతుంది. "అధ్యక్షులు రచయిత్రికి శాలువా కప్పుతున్నారు" అంటే చాలు.

కాగితం రాయడం అయ్యాక ఫోన్ చెయ్యి, మాస్టారికి ఇస్తాను, చదివి వినిపించు. ఎక్కడ తికమక పడ్డారో ఆయనే మొహమాటం లేకుండా చెబుతారు. పిల్లలకు నా ఆశీస్సులు.

నీ
రాజు