వార్షిక నివేదిక: వారసత్వ నడక కొత్త స్క్రిప్టు, ఏప్రిల్ 18 నడక

సంఘం సభ్యులందరికీ నమస్కారం. కార్యవర్గం తరఫున ఈ ఏడాది నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వెళ్తాను. ఈ ఏడాది మన శ్రమలో ముప్పాతిక వంతు వారసత్వ నడకలో గైడు చెప్పే ఒక్క స్క్రిప్టు మీదే పోయింది. అంత శ్రమ ఎందుకైందో చెబుతాను.

పాత స్క్రిప్టులో పన్నెండు మజిలీలు ఉండేవి, ఒక్కో చోట ఆరు నిమిషాల కథ. దారి పొడవు 1.8 కిలోమీటర్లు. చూస్తూ, ఫొటోలు తీసుకుంటూ నడిచే గుంపు నిమిషానికి 50 మీటర్లకు మించి కదలదు, అంటే నడకకే 36 నిమిషాలు. కథలకు 72. ప్రతి మజిలీలోనూ వెనకవాళ్ళు వచ్చి చేరడానికి నిమిషంన్నర చొప్పున మరో 18. మొత్తం 126 నిమిషాలు. మనం ప్రకటించేదేమో గంటన్నర! చివరి మూడు మజిలీలకు వచ్చేసరికి జనం ఎందుకు పలచబడేవారో ఈ లెక్కే చెబుతుంది. కథలు బాగాలేక కాదు, ఇంటికి వెళ్ళాల్సిన వేళ దాటిపోయి వాళ్ళు జారుకునేవారు.

కొత్త స్క్రిప్టులో ఎనిమిది మజిలీలే ఉంచాం. తీసేసిన నాలుగింటి కథలు ఎంతో మంచివి. వాటిని రాసిన పెద్దలు నొచ్చుకున్నారు, అయినా ఒప్పుకున్నారు, వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఇప్పుడు నడకకు 36, మెట్లబావి దగ్గర 11, మిగతా ఏడు మజిలీల కథలకు 21, వెనకవాళ్ళ కోసం ఆగడానికి మరో 11, మొత్తం 79 నిమిషాలు. మిగిలిన 11 నిమిషాలూ ప్రశ్నలకు. ఆ 11 నిమిషాలను కథలతో నింపేద్దామని ఎవరు అడిగినా కార్యవర్గం ఒప్పుకోలేదు.

కథ రాసే పద్ధతి కూడా మారింది. కోట ద్వారం దగ్గర పాత స్క్రిప్టు రాజుల వరసతో మొదలయ్యేది. ముందు చేరిన ఐదుగురు అది వినేవారు, వెనక వచ్చినవాళ్ళకు సగం నుంచి తలాతోకా అందేది కాదు. ఇప్పుడు గైడు ముందుగా ఒక ఎదురుచూపు మాట అంటారు: ‘తలుపు మీద ఇనుప మేకులు ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తూ ఉండండి.’ ఆ మాట వినకపోయినా ఎవరికీ నష్టం లేదు, విన్నవాళ్ళ కళ్ళకు మాత్రం పని దొరుకుతుంది. గుంపు చివర నడిచే కార్యకర్త చెయ్యెత్తాకే అసలు కథ. ఏనుగులు తలుపును కుమ్మకుండా వాటి నుదురు తగిలే ఎత్తులో ఆ మేకులు దిగగొట్టారని చెప్పగానే అందరి తలలూ ఒక్కసారి పైకి లేస్తాయి. రాజుల పేర్లలో ఒక్కటే మిగిలింది, ద్వారం కట్టించిన ఆయనది. ఆధారం దొరకని కథల దగ్గర ‘అని చెప్పుకుంటారు’ అనే మాట స్క్రిప్టులోనే ఉంది. గైడులు దాన్ని వదిలేయవద్దని మనవి.

ప్రతి కథకూ పొడవు, పొట్టి అని రెండు రూపాలు రాశాం, మార్జిన్‌లో గడియారం సమయం వేశాం. 6:30కి బయల్దేరిన గుంపు ఐదో మజిలీ అయిన మెట్లబావికి 7:06కి చేరాలి. 7:12 దాటితే ఆరో మజిలీలో పొట్టి కథ చెప్పి, ఏడో మజిలీ దగ్గర ఆగకుండా నడిపించాలి. ఎనిమిదోదాన్ని మాత్రం కుదించకూడదు.

ఇక మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ప్రపంచ వారసత్వ దినమైన ఏప్రిల్ 18న జరిగిన నడక. 80 మంది వచ్చారు. ఇరవై మంది చొప్పున నాలుగు గుంపులు, గుంపుకూ గుంపుకూ పన్నెండు నిమిషాల ఎడం. అన్ని మజిలీల్లో చిక్కుగా ఉండేది మెట్లబావి. కింది చప్టా మీద ఒకసారికి పది మందే క్షేమంగా నిలబడగలరు కాబట్టి ఇరవై మందిని రెండు జట్లు చేయాలి. దిగడానికి రెండు నిమిషాలు, కింద కథకు మూడు, ఎక్కడానికి రెండు, అంటే జట్టుకు ఏడు, గుంపుకు పద్నాలుగు. గుంపులు పన్నెండు నిమిషాలకొకటి వస్తుంటే బావి పద్నాలుగు నిమిషాలకు ఖాళీ అవుతుంది. రెండో గుంపు రెండు నిమిషాలు, మూడోది నాలుగు, నాలుగోది ఆరు నిమిషాలు ఇరుకు సందులో నిలబడాల్సిందే. ఏ మజిలీలోనైనా గుంపు ఉండే సమయం గుంపుల ఎడం కన్నా తక్కువ ఉండాలన్న నియమం ఇక్కడే పుట్టింది.

అందుకని కథను కింది నుంచి పైకి తెచ్చాం. మొదటి జట్టు రెండో కార్యకర్తతో దిగుతుంది. కింద ఒక్క నిమిషమే ఆగి, గోడ మీద పాత నీటిమట్టం వదిలిన చారను చూసి ఎక్కేస్తుంది. ఆ ఐదు నిమిషాలూ పైన ఉన్న జట్టుకు గైడు బావి కథ చెబుతారు. తర్వాత జట్లు మారతాయి. రెండైదులు పది, అందరినీ చేర్చడానికి ఒకటి, మొత్తం పదకొండు. రెండో గుంపు వచ్చేసరికి బావి ఖాళీ.

ఇది నడవాలంటే ప్రతి గుంపుకూ ఇద్దరు కావాలి. నాలుగు గుంపులకు ఎనిమిది మంది, రోడ్డు దాటించడానికి ఒకరు, బయల్దేరే చోట ఒకరు. పేర్లు ఇచ్చినవారు ఇంతకన్నా ఎక్కువే. ఆ ఉదయం ఫోన్లు ఎత్తనివారు ఎందరో ఇక్కడ రాయను, వారికే తెలుసు. రోడ్డు దగ్గర, గుంపుల చివర నిలబడింది చివరికి కార్యవర్గ సభ్యులు, వారి ఇంట్లోవాళ్ళు. వారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

బావి గేటు తాళం సంగతీ చెప్పాలి. సంబంధిత కార్యాలయానికి ముందే ఉత్తరం ఇచ్చాం, గుర్తుచేశాం, అనుమతి చేతిలో ఉంది. అయినా మొదటి గుంపు 7:06కి చేరేసరికి తాళం వేసే ఉంది. గైడు గుంపు మొత్తానికీ పొడవు కథ అందుకున్నారు. నాలుగో మజిలీలో ఉన్న రెండో గుంపును ఫోన్ చేసి అక్కడే ఆపించాం, మూడో గుంపు గైడు కూడా పొడవు కథలకు మారారు, నాలుగో గుంపును అసలు బయల్దేరనివ్వలేదు. 7:15కి తాళం తీశారు. గుంపులన్నీ ఎనిమిదేసి నిమిషాలు వెనకబడ్డా సందులో ఒక్కటీ ఇరుక్కోలేదు. కానీ ఆ ఆలస్యం పూడ్చడానికి ఏడో మజిలీని నాలుగు గుంపులకూ వదులుకున్నాం. ఆ చెక్కడపు వాకిలిని చూడాలనే వచ్చినవారున్నారు, వారి నిరాశ న్యాయమైనదే. వచ్చేసారి తాళంచెవి ముందు రోజు సాయంత్రమే మన చేతికి ఇవ్వాలని రాతపూర్వకంగా కోరాం. జవాబు ఇంకా రాలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు, ఆడిటరు గారు సరిచూశారు. స్క్రిప్టు ప్రతులు ఉచితంగా అచ్చువేయించి ఇచ్చిన సభ్యునికి, ప్రతి మజిలీ దగ్గర గడియారం పట్టుకుని కథలు చదివి చూసిన యువ సభ్యులకు, సందులో సగం దారి ఖాళీగా ఉంచితే చాలని సహకరించిన అక్కడి నివాసులకు సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాది గుంపు చివర నడిచే బాధ్యత తీసుకునేవారి జాబితాను ఈ సభలోనే ఖరారు చేయాలని కోరుతున్నాను. గుంపుకు ఇద్దరు, పైన నలుగురు అదనంగా. రాలేకపోతే ముందు రోజు రాత్రి ఎనిమిది లోపు చెప్పాలన్న తీర్మానాన్ని ఆమోదం కోసం ప్రవేశపెడుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి