నీ కవర్ లెటర్ చదివాను చిన్నా

చిన్నా,

నువ్వు రాత్రి పంపిన కవర్ లెటర్ పొద్దున ట్రైన్‌లో ఒకసారి చదివాను, ఆఫీసుకొచ్చాక ప్రింట్ తీసుకుని మళ్ళీ చదివాను. ఫోన్లో చెప్తే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే లంచ్ టైంలో కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, పూర్తిగా చదువు.

నీకు తెలుసుగా, ఇక్కడ అంబత్తూరులో మా కంపెనీలో మొత్తం 38 మందిమి. హెచ్ఆర్ అని వేరే ఎవరూ లేరు. ఉద్యోగాల మెయిల్స్ తెరిచేది అకౌంట్స్ చూసే నేనే, పనికొస్తారనిపించినవి ప్రింట్ తీసి మా సార్ టేబుల్ మీద పెడతా, ఆయన సాయంత్రం టీ తాగుతూ చూస్తారు. నువ్వు అప్లై చేస్తున్న పీణ్య కంపెనీ కూడా ప్యానెల్ బోర్డులు చేసే చిన్న కంపెనీయే అన్నావు కాబట్టి అక్కడా నాలాంటి ఆవిడో, లేకపోతే ఓనరే స్వయంగానో చూస్తారు. వాళ్ళకి నీ లెటర్ మీద పెట్టడానికి ఒక నిమిషం కూడా ఉండదు, పక్కన ఫోన్ మోగుతుంటుంది, డ్రైవర్ వచ్చి బిల్లు అడుగుతుంటాడు.

నీ లెటర్‌లో మొదటి పేరా "ఐ కేమ్ టు నో త్రూ రిలయబుల్ సోర్సెస్" అని మొదలైంది. నా డిగ్రీ అయినప్పుడు టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో మాకు నేర్పించిన వాక్యం రా ఇది! నువ్వు వాళ్ళ ప్రకటన చూసే కదా రాస్తున్నావ్, మరి అదే చెప్పు, ఫలానా పోస్టుకి మీ ప్రకటన చూశాను అని. ఇంక "యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్" నాలుగు సార్లుంది, కంపెనీ పేరు మాత్రం ఒక్కసారి కూడా లేదు. పేరు లేకపోతే అదే లెటర్ పదిచోట్లకి పంపొచ్చని నీ ఆలోచన అని నాకు అర్థమైంది, కానీ చదివేవాళ్ళకీ అది వెంటనే అర్థమవుతుంది. పోయిన నెల మాకొచ్చిన ఒక లెటర్‌లో అయితే వేరే కంపెనీ పేరే ఉంది, పాపం ఆ పిల్లాడు మార్చడం మర్చిపోయాడు. మా సార్ ఏమీ అనలేదు, కాగితం తిప్పి పక్కన పెట్టేశారు. నాకు ఆ రోజంతా మనసు బాలేదు, మార్కులు మంచివే ఉన్నాయి అతనికి.

ఇప్పుడు అసలు విషయం. రెండో పేరాలో హార్డ్ వర్కింగ్, క్విక్ లర్నర్, టీమ్ ప్లేయర్ అని రాశావు. ఇవి నిజమే, నీ తల్లిగా నేను ఒప్పుకుంటా, కానీ నిన్ను చూడని మనిషి ఎందుకు నమ్మాలి? అదే జూన్‌లో ఇంటర్న్‌షిప్ నుంచి వచ్చి ఒక రాత్రి నాకు నలభై నిమిషాలు ఫోన్లో చెప్పావే, ఆ స్టార్ డెల్టా స్టార్టర్ సంగతి, అది లెటర్‌లో ఒక్క ముక్క కూడా లేదేంటి నాన్నా? నాకు సగమే అర్థమైంది, అయినా గుర్తుంది: 15 హెచ్‌పీ మోటారు, దాని నేమ్ ప్లేట్ మీద 21 ఆంప్స్, ఓవర్‌లోడ్ రిలే కూడా 21 దగ్గరే పెట్టేసి ఉంది. ఆ రిలే వైండింగ్ దారిలో ఉంది కాబట్టి మోటారు డెల్టాలో నడిచేటప్పుడు లైన్ కరెంటులో 58 శాతమే దాని గుండా వెళ్తుంది, అంటే పన్నెండు చిల్లర దగ్గర పెట్టాలి, లేకపోతే మోటారు కాలిపోతున్నా రిలే ట్రిప్ అవ్వదు అని చెప్పావు. నువ్వు ఆ సెట్టింగ్ గురించి సూపర్‌వైజర్‌ని అడిగితే ఆయన డ్రాయింగ్ తీసి చూసి మార్చారు. ప్యానెల్స్ చేసేవాళ్ళకి ఈ ఒక్క సంగతి నీ పది విశేషణాల పెట్టు. కస్టమర్ దగ్గర మోటారు కాలితే తిట్లు తినేది వాళ్ళే కదా.

అందుకే ఆ పేరా మొత్తం తీసేసి దీన్ని పెట్టు. ఇంగ్లీష్ గొప్పగా ఉండాలని ప్రయత్నించకు, చిన్న చిన్న వాక్యాలు చాలు. "ఐ నోటీస్డ్ దట్ ది ఓవర్‌లోడ్ రిలే వాజ్ సెట్ ఎట్ ట్వంటీవన్ ఆంప్స్. ఐ ఆస్క్‌డ్ మై సూపర్‌వైజర్. హీ చెక్డ్ ది డ్రాయింగ్ అండ్ చేంజ్డ్ ఇట్ టు ట్వెల్వ్." ఇలా. రిలే ఎక్కడ ఉందో కూడా ఒక ముక్క రాయి, తెలిసినవాళ్ళు ముందు అదే చూస్తారని నువ్వే అన్నావు. "ఐ కరెక్టెడ్" అని మాత్రం రాయకు, మార్చింది ఆయన. ఇంటర్వ్యూలో ఓనరు నువ్వు మార్చావా, ఎలా మార్చావు అని అడిగితే తడబడతావు, అప్పుడు నిజంగా నువ్వు గమనించినదానికి కూడా విలువ పోతుంది. ఈప్లాన్ తెలుసని రాశావు చూడు, అదీ అంతే. నీకొచ్చింది ఆటోక్యాడ్, ఈప్లాన్ కాలేజీలో రెండు రోజుల వర్క్‌షాప్‌లో చూశావు, అలాగే రాయి.

చివరి పేరాలో థాంక్స్ తర్వాత థాంక్స్ ఉన్నాయి, వాళ్ళకి కావలసింది లేదు. ఫ్రెషర్ని తీసుకోవాలంటే చిన్న కంపెనీకి ఉండే భయం ఏంటంటే, ఆరు నెలలు పని నేర్పించాక వెళ్ళిపోతాడేమో, రోజూ అంత దూరం వస్తాడా, షాప్ ఫ్లోర్ మీద నిలబడతాడా లేక కంప్యూటర్ ముందే కూర్చుంటానంటాడా అని. మా దగ్గర ఇద్దరు అలా మానేశారు, రాసిన ఆఫర్ లెటర్లు నేనే ఫైల్ చేశాను. నువ్వుండేది యశ్వంతపురలో, మెట్రో ఎక్కితే పీణ్య దగ్గరే, ఆ మాట ఒక వాక్యంలో చెప్పేయ్. వైరింగ్, టెస్టింగ్‌తో మొదలుపెట్టడానికి నీకు ఇష్టమే అని కూడా, నిజంగా ఇష్టమైతేనే. ఏ తేదీ నుంచి రాగలవో రాయి. జీతం గురించి ప్రకటనలో అడగలేదు కాబట్టి నువ్వు ఎత్తకు.

ఆ ఒక సబ్జెక్టు రెండోసారి రాసి పాసైన సంగతి లెటర్‌లో అక్కర్లేదు, మార్కుల లిస్టులో కనపడుతుంది, అడిగితే దాచకుండా చెప్పు.

మొత్తం కలిపి మూడు పేరాలు, 150 మాటలు దాటకూడదు, నీది ఇప్పుడు 340 ఉంది, లెక్కపెట్టాను. లెటర్‌ని వేరే ఫైల్‌గా అటాచ్ చేయకు, మెయిల్‌లోనే రాసెయ్, నాలాంటివాళ్ళు ఫోన్లో చూస్తారు, రెండు ఫైళ్ళు తెరిచే ఓపిక ఉండదు. అటాచ్ చేసేది రెజ్యూమే ఒక్కటే, అది కూడా `Resume_final2_new.pdf` అని పంపావు నాకు, నా కంప్యూటర్లో ఇలాంటి పేర్లవి పదకొండు ఉన్నాయి, ఏది ఎవరిదో వెతుక్కోవాలి. నీ పేరు, పోస్టు పేరు పెట్టు. సబ్జెక్ట్ లైన్లో కూడా అంతే.

ఇంకొకటి, "రెస్పెక్టెడ్ సర్" అని రాశావు, అక్కడ చూసేది మేడమ్ అయితే? ప్రకటనలో ఫోన్ నంబరుంది కదా, సోమవారం పదకొండు దాటాక చెయ్, పొద్దున్నే అయితే డిస్పాచ్ హడావుడిలో ఉంటారు. లెటర్ ఎవరి పేరున రాయాలండీ అని అడుగు, నీకు కన్నడ కొంచెం వచ్చుగా, రెండు మాటలు కన్నడలోనే మొదలుపెట్టు. పేరు తెలిస్తే పైన డియర్ అని ఆ పేరు, కింద యువర్స్ సిన్సియర్లీ. తెలియకపోతే డియర్ సర్ ఆర్ మేడమ్, కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ.

తిరగరాసి ఆదివారం రాత్రికి నాకు పంపు, స్పెల్లింగులు నేను చూస్తా. రిలే పేరా మాత్రం మీ నాన్నకి కూడా చదివి వినిపిస్తా, ఆయనకి అర్థమైతే ఇంక మార్చొద్దు.

అమ్మ