భోగికి చేరాల్సిన పార్శిల్ ముక్కనుమ నాడు చేరడంపై ఫిర్యాదు

విశాఖపట్నం,
19 జనవరి 2026.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

నేను సీతమ్మధారలో మా ఇంటి నుంచే ఏటికొప్పాక లక్కబొమ్మలు అమ్ముతుంటాను. ఆర్డర్లు ఆన్‌లైన్‌లో వస్తాయి, పార్శిళ్లు మీ కొరియర్‌లో వెళ్తాయి. ఈ సంక్రాంతికి కాకినాడ పంపిన ఒక పార్శిల్ గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఆలస్యమైందన్న బాధ ఒకటి, ఆ ఆలస్యం గురించి మీ ట్రాకింగ్‌లో అబద్ధం రాశారన్న బాధ ఇంకొకటి. రెండోదే నాకు ఎక్కువ నష్టం చేసింది.

కాకినాడ భానుగుడి దగ్గర ఉండే ఒక పెద్దావిడ జనవరి 5న ఆర్డర్ పెట్టారు. లక్కపిడతల సెట్టు, వీణ వాయించే బొమ్మ, ఎడ్లబండి, పెళ్లికూతురు పెళ్లికొడుకు జత. మనవరాలికి మొదటిసారి భోగిపళ్లు పోస్తున్నామని, ఆ సాయంత్రానికి కొలువు పెట్టాలని ఫోన్ చేసి మరీ చెప్పారు. బొమ్మలకు 2,480 రూపాయలు, డెలివరీకి 140. ఏడో తేదీన మీ అబ్బాయి వచ్చి పార్శిల్ తీసుకెళ్లాడు. మూడు రోజుల్లో, అంటే పదో తేదీకి చేరుతుందని మీ రసీదులోనే ఉంది. భోగి 14న కాబట్టి నాలుగు రోజులు చేతిలో ఉన్నాయని ధైర్యంగా ఉన్నాను.

ఎనిమిదిన పార్శిల్ కాకినాడ హబ్‌కి చేరింది. పదిన డెలివరీకి బయలుదేరినట్టు చూపించి, రాత్రి 9:42కి ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాశారు. పన్నెండునా అదే మాట. ఆ రెండు రోజులూ ఆవిడ ఇంట్లోనే ఉన్నారు. ఒక్క మిస్డ్ కాల్ కూడా రాలేదు. నాకు అనుమానం వచ్చి, అదే వారం కాకినాడకే పంపిన మరో రెండు పార్శిళ్లు చూశాను. ఒకటి సర్పవరం, ఒకటి జగన్నాథపురం. పదో తేదీ రాత్రి 9:42కే ఆ రెండింటికీ అదే మాట పడింది. ఊళ్లో మూడు వేర్వేరు చోట్ల, మూడు గుమ్మాల ముందు, ఒకే నిమిషంలో ఏ మనిషీ నిలబడలేడు కదా. హబ్‌లోనే కూర్చుని, మిగిలిపోయిన పార్శిళ్లన్నిటికీ ఒకేసారి ఆ మాట కొట్టేశారని అర్థమైంది. ఆ మూడింటి స్క్రీన్‌షాట్లు జత చేశాను.

పదమూడు ఉదయం హబ్‌కి ఫోన్ చేస్తే, “పార్శిళ్లు గుట్టలుగా ఉన్నాయండీ, రేపు ఖచ్చితంగా ఇచ్చేస్తాం” అన్నారు. ఆ మాట నమ్మడమే నా తప్పయింది. పార్శిల్ హబ్‌లోనే ఆగిపోయిందని ఆ పూట నిజం చెప్పి ఉంటే నాకు రెండు దారులుండేవి. ఆవిడ కొడుకు బండి మీద వచ్చి తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడు. లేదంటే ఇంట్లో ఉన్న ఇంకో సెట్టు సర్ది, ద్వారకా బస్టాండ్‌లో ఆర్టీసీ కార్గోలో వేసేదాన్ని. మరునాటికి కాకినాడలో ఉండేది. “రేపు ఖచ్చితంగా” అన్నందుకు ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం. భోగి, సంక్రాంతి, కనుమ వెళ్లిపోయాయి. పార్శిల్ 17న చేరింది. అప్పటికి వాళ్లింట్లో కొలువు తీసేశారు.

ఆ సాయంత్రం ఆవిడకు మెసేజ్ రాశాను. మొదట రాసిన దాంట్లో సగం మీ కొరియర్ మీద నింద ఉంది. చదువుకుని చెరిపేశాను. ఆవిడ డబ్బు కట్టింది నాకు, మాట తీసుకున్నది నా దగ్గర. చివరికి పంపింది ఇది:

“అమ్మా, నమస్కారం. మీ పార్శిల్ ఈరోజు చేరిందని చూశాను. పాప భోగిపళ్లకి అందిస్తానని మీకు మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయాను. నన్ను క్షమించండి. పదమూడో తేదీనే నేను ఇంకో సెట్టు బస్సులో పంపి ఉండాల్సింది. రేపొస్తుందన్న మాట నమ్మి ఆగిపోయాను, ఆ పొరపాటు నాది. పోయిన పండగ నేను తిరిగి తేలేను. డబ్బు విషయంలో మాత్రం మీరు ఏది చెబితే అది చేస్తాను. బొమ్మలు వద్దనుకుంటే డెలివరీతో కలిపి మొత్తం 2,620 రూపాయలు వెనక్కి వేస్తాను. వాపసు తెప్పించుకునే ఖర్చు నాదే, పెట్టె మళ్లీ కట్టే పని కూడా మీకు లేదు. ఉంచుకుంటానంటే డెలివరీ 140, బొమ్మల ధరలో పావు వంతు 620, కలిపి 760 రూపాయలు ఈరోజే మీ ఖాతాలో వేస్తాను. తొందరేం లేదమ్మా, నెలాఖరులోపు ఎప్పుడైనా చెప్పండి.”

కూపన్ ఇస్తే సరిపోయేదని తోటి అమ్మకందారులు కొందరన్నారు. నాకు మనసొప్పలేదు. కూపన్ వాడుకోవాలంటే ఆవిడ మళ్లీ నా దగ్గరే కొనాలి, అంటే నష్టపోయిన మనిషి చేతే ఇంకా ఖర్చు పెట్టించడం. పైగా చెప్పిన తేదీకి సరుకు అందకపోతే వాపసు తీసుకోననీ, డబ్బు ఇవ్వననీ అమ్మేవాళ్లు అనకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. మన చేతిలో లేని విపత్తు వల్ల ఆలస్యమైతేనే మినహాయింపు. సంక్రాంతి రద్దీ అలాంటిది కాదు, క్యాలెండర్‌లో ఏడాది ముందే కనబడేది.

ఆవిడ రెండో దారి ఎంచుకున్నారు. దసరా కొలువుకి దాచుకుంటామన్నారు. “పై మెట్టు ఖాళీగా ఉంచామమ్మా, చివరిదాకా వస్తాయనుకున్నాం” అని ఒక్క మాట అన్నారు. అది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 760 రూపాయలు అప్పుడే వేశాను.

ఇక మీ వంతు. ఆ 760లో డెలివరీ ఛార్జీ 140 పూర్తిగా మీరు ఇవ్వాలి, చెప్పిన సేవ అందలేదు కాబట్టి. మిగతా 620లో సగం, 310, నేను భరిస్తాను. బస్సులో పంపే దారి ఉండీ పంపలేదు, ఆ బాధ్యత నాది. మిగిలిన సగం మీది. మొత్తం 450 రూపాయలు అడుగుతున్నాను. అంతకుమించి ఒక్క రూపాయి వద్దు.

డబ్బు కంటే ముఖ్యంగా రెండు విషయాలు కావాలి. పది, పన్నెండు తేదీల్లో ఆ మాట ఎవరు, ఎక్కడి నుంచి నమోదు చేశారో విచారించి నాకు రాతపూర్వకంగా చెప్పండి. డెలివరీ చేసే మనుషుల మీద నాకు కోపం లేదు, పండగ రోజుల్లో వాళ్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు. సాయంత్రానికల్లా ప్రతి పార్శిల్‌కీ ఏదో ఒక కారణం రాయాల్సిందేనని మీరు పట్టుబడితే, వాళ్లు ఇదే రాస్తారు. అందుకే నా రెండో కోరిక: పార్శిల్ కదలనప్పుడు ‘హబ్‌లో ఉంది, రద్దీ వల్ల ఆగింది’ అని ఉన్నదున్నట్టు చూపించండి, హబ్ చిరునామా ఇచ్చి, వచ్చి తీసుకెళ్లే అవకాశం ఇవ్వండి. దసరాకి నా దగ్గర ఇంతకు నాలుగింతలు పార్శిళ్లుంటాయి.

పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వమని కోరుతున్నాను. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను. వ్యాపారం కాబట్టి నేను వినియోగదారు కిందకి రానని అనకండి. ఇది సొంత జీవనం కోసం స్వయం ఉపాధిగా చేసుకునే పని.

జత చేసినవి: మీ రసీదు, మూడు పార్శిళ్ల ట్రాకింగ్ స్క్రీన్‌షాట్లు, ఆవిడకి పంపిన మెసేజ్, 760 రూపాయలు వేసిన రుజువు.

ఇట్లు,
లక్కబొమ్మల విక్రేత,
సీతమ్మధార, విశాఖపట్నం.