ఈసారి నీ ప్రశ్నకు జవాబు రాయడం లేదు

ఒరే రమణా,

చిత్తూరు నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజులన్నీ విన్నాను. దవడ కింద గడ్డ ఫోటో కూడా చూశాను. "ఇది క్యాన్సర్ కాదని ఒక్కసారి చెప్పరా, చాలు" అన్నావు. ఆ మాట ఇప్పుడు చెప్పను. నీ మీద ప్రేమ లేక కాదురా, ఉండబట్టే. ఎందుకో తీరిగ్గా రాస్తాను, చదువు.

పంటికి చీము పట్టినప్పుడు ఆ గడ్డ లేచింది. పన్ను బాగయ్యాక కూడా శనగ గింజంత మిగిలింది. ఈఎన్‌టీ డాక్టరు నొక్కి చూశాడు, మెత్తగా ఉంది, వేలికింద కదులుతోంది అన్నాడు. స్కానింగ్‌లోనూ భయపడాల్సిందేమీ లేదు. ఆరు వారాల తర్వాత ఒకసారి చూపించమన్నాడు. ఆ సాయంత్రం ఫోన్లో నీ గొంతు ఎంత తేలిగ్గా ఉందో నాకింకా గుర్తుంది. మర్నాటికే "డాక్టరు సరిగ్గా ఆ చోటే నొక్కాడా?" అన్నావు. తర్వాత "స్కానింగ్‌లో చిన్నవి కనబడవంట కదా" అన్నావు. ఇప్పుడు సూది పరీక్ష చేయించమంటావా అని అడుగుతున్నావు.

చూశావా, ప్రతి జవాబూ దాని పక్కనే ఇంకో ప్రశ్నను లేపింది. నీ మనసు అడుగుతున్నది నూటికి నూరు పాళ్ల హామీ. అది ఏ డాక్టరూ, ఏ యంత్రమూ ఇవ్వలేదు. ఇవ్వలేని దాన్ని అడుగుతున్నంత కాలం ఎంత మంచి రిపోర్టయినా ఒక్క పూటకే పనికొస్తుంది.

ఇంకో సంగతుంది. భయం పెరిగినప్పుడు నువ్వు ఫోన్ తీస్తావు, వెతుకుతావు, లేదా లక్ష్మిని అడుగుతావు. "ఏం లేదులే" అనగానే భయం దిగుతుంది. ఆ దిగడమే మనసుకు బహుమతి. "వెతికితే గండం గడిచింది" అని అది నేర్చుకుంటుంది. వెతక్కపోయినా భయం తనంతట తానే దిగేదని తెలుసుకునే అవకాశం దానికి దొరకదు. అందుకే మళ్లీ అదే పని, ఈసారి ఇంకా త్వరగా. 1986లోనే ఇంగ్లండులో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే ఇద్దరు ఈ సంగతి రాశారు: ధైర్యం చెప్పించుకోవడమే ఈ భయాన్ని నిలబెడుతుందని.

నెట్లో చదివేదాని సంగతి వేరే చెప్పాలా? ఆ పేజీకి నీ పంటి చీము తెలీదు, డాక్టరు వేలు తెలీదు. ఉన్న కారణాలన్నీ వరసగా రాస్తుంది. జలుబుకీ ఒక లైనే, లింఫోమా అనే క్యాన్సర్‌కీ ఒక లైనే. నీ కన్ను ఆగేది రెండోదాని దగ్గరే. "రాత్రి చెమటలు" అని చదివావు, అప్పటినుంచి మెడ తడుముకుంటూ పడుకుంటున్నావు. డాక్టర్లు అడిగేది మన ఎండాకాలపు చెమట గురించి కాదు, బట్టలూ పక్కా మార్చుకోవాల్సినంత తడిసిపోయే చెమట గురించి. ఇక ఆ గడ్డను రోజంతా నొక్కుతున్నావని లక్ష్మి చెప్పింది. నొక్కే కొద్దీ ఆ చోటు నొప్పి పెడుతుంది, వాస్తుంది కూడా. ఆ నొప్పినే మళ్లీ రుజువనుకుంటున్నావు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఆరు వారాల తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టు. ఆ లోపల గడ్డ పెరుగుతున్నట్టు స్పష్టంగా కనబడితే, రాయిలా గట్టిపడి కదలకపోతే, కాలర్ ఎముక పైన కొత్తది లేస్తే, కారణం లేకుండా జ్వరమో బరువు తగ్గడమో మొదలైతే, తేదీ కోసం ఆగొద్దు, వెళ్లిపో. అది కొత్త సమాచారం. పాత గడ్డ గురించి పాత ప్రశ్నే మళ్లీ పుడితే అది భయం మాట్లాడటం. ఈ తేడా పట్టుకో.

వెతకాలనిపించినప్పుడు వద్దని ఒట్టు పెట్టుకోకు, అరగంట వాయిదా వెయ్యి. భయం పదికి ఎంతుందో కాగితం మీద రాయి, అరగంటయ్యాక మళ్లీ రాయి. రెండో అంకె చూసుకో. తర్వాత గంట, ఆపైన పూట. మొదటి రోజుల్లో భయం ఎక్కువవుతుంది, అది తప్పు దారి పట్టావని కాదు. లక్ష్మితో ముందే ఒప్పందం చేసుకో, నువ్వు అడిగితే "దీనికి జవాబు చెప్పనని అనుకున్నాం కదా, రా, అట్లా నడిచొద్దాం" అంటుంది. కోపం రావొచ్చు, ఆమె మీద చూపించొద్దు.

వాయిదా వెయ్యలేకపోతే, నిద్రా పనీ చెడుతుంటే, దీనికి చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు, ఆలోచననూ అలవాటునూ మార్చుకోవడం మాటలతో నేర్పే చికిత్స అది, కొందరికి మందులు కూడా ఇస్తారు. నేను నీ స్నేహితుణ్ణి, నీకు నేనే చికిత్స చేయకూడదు. ఇక్కడ తిరుపతిలో మంచి సైకాలజిస్టు ఉన్నారు, నేనే వెంట తీసుకెళ్తాను. అర్ధరాత్రి తట్టుకోలేకపోతే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నాకు మాత్రం ఎప్పుడైనా ఫోన్ చెయ్యరా. గడ్డ సంగతి తప్ప ఏదైనా మాట్లాడదాం. పిల్లోడి పరీక్షలు ఎట్లా అయినాయో ఇంతవరకూ చెప్పలేదు నువ్వు.

నీ
సుధాకర్