అమ్మకు, చెవుల సంగతి ఎందుకు చెప్పానంటే

లీడ్స్,
ఆదివారం రాత్రి

అమ్మకు, నాయనకు,

నేను బాగున్నాను. చలి ఇంకా తగ్గలేదు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి సీసా మొన్నటితో అడుగంటింది, కారప్పొడి మాత్రం ఉంది. బుచ్చిలో నాట్లు అయిపోయాయని అక్క చెప్పింది. కాలవ నీళ్లు టయానికి వదిలారా?

పోయిన వారం వీడియో కాల్‌లో "చెవుల సంగతి ఇంటర్వ్యూవాళ్లకు ఎందుకు చెప్పావే" అని అడిగి కళ్లు తుడుచుకున్నావు. పక్కన నాయన ఏదో అన్నాడు గానీ నాకు అందలేదు. ఫోన్లో నాకు సగం మాటలు జారిపోతాయి కదా, అందుకే ఉత్తరం రాస్తున్నా. అక్క చేత చదివించుకోకుండా నువ్వే తీరిగ్గా చదువు.

ఆఫీసులో కొత్తగా చెప్పేదేం లేదు. నెలాఖరు వస్తే జీతాల లెక్కలతో ఊపిరాడదు, మిగతా రోజులు మామూలే. కాంట్రాక్టు అయిపోవస్తోంది కాబట్టి వేరేచోట చూసుకుంటున్నా. అంతకుమించి టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

పోయినేడు ఒక ఇంటర్వ్యూ పోయిందని చెప్పాను గానీ ఎలా పోయిందో చెప్పలేదు. ముందు ఫోన్లో మాట్లాడించారు. ఒక్కొక్కళ్లు ఎంతమంది జీతాలు చూస్తారో అవతలామె చెబుతుంటే ఫిఫ్టీ అందో ఫిఫ్టీన్ అందో నాకు తెలియలేదు. మళ్లీ అడగడానికి మొహమాటపడి, ఊఁ కొట్టి, పదిహేను అనుకుని జవాబు చెప్పాను. తీరా ఆమె అన్నది యాభై. ఎలాగో దాటి రెండో రౌండుకి వెళ్తే ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన వెనక పెద్ద కిటికీ, ఎండంతా ఆ వైపు నుంచే వస్తోంది. ఆయన మొహం నల్లగా నీడలా ఉంది తప్ప పెదాలు కనిపించలేదు. పెదాలు కనిపించకపోతే నాకు సగం వినికిడి పోయినట్టే, నీకు తెలుసు. అడిగిన ప్రశ్నకు కాకుండా వేరేదానికి జవాబు చెప్పానని తర్వాత మెయిల్లో రాశారు. పని రాదనుకున్నారు. ఆ రాత్రి నీకు ఫోన్ చేయలేదు, తలనొప్పని చెప్పాను. తలనొప్పేమీ లేదమ్మా.

నాకు ఎక్కువ బాధేసింది ఎక్కడంటే, వాళ్లకు ముందే చెప్పాననుకున్నాను. దరఖాస్తు చివర ఒక ఫారం ఉంటుంది. జాతి, మతం, వైకల్యం ఉందా లేదా అని అడుగుతుంది. అందులో ఉందని టిక్కు పెట్టాను. ఆ ఫారం కంపెనీ లెక్కల కోసమని, మామూలుగా దాన్ని దరఖాస్తు నుంచి విడదీసి పక్కన పెడతారని, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు చూపించరని నాకు తర్వాత తెలిసింది. మంచికే అలా పెట్టారు, దాన్ని చూసి ఎవరినీ తీసేయకుండా. కానీ అందులో టిక్కు పెడితే సాయం అడిగినట్టు కాదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో 2010లో సమానత్వ చట్టం వచ్చింది. వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటర్వ్యూలో తగిన మార్పులు చేయడం కంపెనీ బాధ్యత, ఆ ఖర్చు మన దగ్గర వసూలు చేయకూడదు. అయితే మన సంగతి వాళ్లకు తెలియకపోతే, తెలిసే దారీ లేకపోతే, ఆ బాధ్యత వాళ్ల మీద పడదు. అంటే ఊరుకుంటే నష్టపోయేది నేనే. చెప్పింది అందుకమ్మా. జాలి కోసం చెప్పలేదు.

ఈసారి ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చిన రోజే రాశాను. దరఖాస్తులోనే రాయలేదు, ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నాకా చెప్పలేదు. ముందే రాస్తే అది ఎవరి కంట పడుతుందో తెలియదు, ఆఖరి నిమిషంలో చెబితే వాళ్లు ఏర్పాటు చేయలేరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లెవరికీ కాపీ పెట్టకుండా, తేదీలు కుదిర్చే రిక్రూటర్ ఒక్కామెకే పంపాను. ఇంగ్లీషులో రాసింది నీ కోసం తెలుగులో పెడుతున్నా:

"ఇంటర్వ్యూకి పిలిచినందుకు ధన్యవాదాలు, బుధవారం నాకు వీలవుతుంది. నాకు రెండు చెవులకూ వినికిడి లోపం ఉంది, మిషన్లు పెట్టుకుంటాను. ఫోన్ బదులు వీడియోలో మాట్లాడి, అందరూ కెమెరా పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే నేను బాగా అందుకోగలను. లైవ్ క్యాప్షన్లు ఆన్ చేసి, ప్రతి ప్రశ్ననూ అడిగేటప్పుడే చాట్‌లో కూడా రాస్తే మేలు. వీటిలో ఏవి కుదురుతాయో సోమవారంలోగా చెప్పగలరా? ఈ విషయం ఏర్పాట్లు చేసేవాళ్ల వరకే ఉంచమని కోరుతున్నాను."

అంతే. ఎన్నో ఏట వచ్చిందో, ఏ జ్వరంతో వచ్చిందో, ఎన్ని డెసిబెల్స్ పోయిందో ఒక్క ముక్క రాయలేదు. మొదట రాసినప్పుడు ఇరవై వరుసలు వచ్చింది. చెన్నై డాక్టర్ దగ్గర మొదలుపెట్టి నా కథంతా రాసి, రెండుచోట్ల క్షమించమని అడిగాను. మర్నాడు పొద్దున చదువుకుంటే, అందులో వాళ్లు చేయాల్సిన పని ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు. జబ్బు గురించి చదివినామెకు భయమే మిగులుతుంది. కెమెరా పెట్టుకోండి, ప్రశ్న రాయండి అంటే ఐదు నిమిషాల్లో తెమిలే పని. అందుకే కథంతా కొట్టేసి, కావాల్సినవి మాత్రం ఉంచాను.

రిక్రూటర్ నుంచి మర్యాదగానే జవాబు వచ్చింది. వీడియోకి సరే అంది. చివర్లో మాత్రం, డాక్టర్ సర్టిఫికెట్ ఉందా, పోయినేడు ఆరోగ్యం బాగోక ఎన్నాళ్లు సెలవు పెట్టారు అని అడిగింది. నాకు గుండె దడదడలాడింది. ఆ సెలవుల ప్రశ్న ఉద్యోగం ఇస్తామని చెప్పకముందు అడగకూడదని అదే చట్టంలో ఉంది. ఇంటర్వ్యూకి ఏం ఏర్పాటు కావాలో తెలుసుకోవడానికి అడగొచ్చు, అంతే. కానీ చట్టం పేరెత్తి గొడవ పడదలుచుకోలేదు. ఆమెకు తెలియక అడిగిందేమోనని, "ఇంటర్వ్యూకి కావాల్సినవి పైన రాశాను, వాటి గురించి ఇంకేమైనా తెలుసుకోవాలంటే అడగండి" అని ఒక్క వాక్యం రాశాను. సెలవుల మాట ఎత్తలేదు. ఆమె కూడా మళ్లీ ఎత్తలేదు. ప్రశ్నలన్నీ ముందురోజే పంపగలరా అని కూడా అడిగాను. అందరికీ ఒకేలా ఉండాలని అది మాత్రం కుదరదంది, చాట్‌లో రాస్తామంది. దానికి నేను పట్టుబట్టలేదు. నాకు వినపడటమే కావాల్సింది, ముందుగా సిద్ధపడటం కాదు.

బుధవారం పొద్దున రెండు మిషన్లకూ కొత్త బ్యాటరీలు వేశాను. నారింజ రంగు స్టిక్కర్ ఉండే 13 నంబరువే. స్టిక్కర్ పీకి, గాలి తగిలేలా ఒక నిమిషం బల్లమీద ఉంచి అప్పుడు పెట్టాను. చిన్నప్పుడు నువ్వు మంచం అంచున కూర్చుని, చీర కొంగులో పెట్టుకుని, అంకెలు లెక్కపెట్టేదానివి కదా, అలాగే. ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రి వాళ్లు మిషన్లూ బ్యాటరీలూ ఉచితంగానే ఇస్తారు. చెన్నై నుంచి తెప్పించి పంపుతానని మాటిమాటికీ అనకు.

ఇద్దరు కూర్చున్నారు. క్యాప్షన్లు వెనకబడుతూనే ఉన్నాయి, పేర్లూ అంకెలూ తప్పుగా పడ్డాయి. ఒకచోట పదమూడు వేలు అంటే ముప్ఫై వేలు అని వచ్చింది. జీతాల లెక్కలు చూసేవాళ్లకు అంకె తప్పితే అంతా తప్పినట్టే. చాట్‌లో ప్రశ్న పడింది కాబట్టి పట్టుకోగలిగాను. మధ్యలో ఒకాయన కెమెరా ఆగిపోయింది. నిరుడైతే ఊఁ కొట్టి ఊరుకునేదాన్ని. ఈసారి "మీ మొహం కనిపించడం లేదండీ" అన్నాను. అయ్యో అని వెంటనే పెట్టాడు. ముందే మెయిల్లో ఉంది కాబట్టి ఆ మాట అనడానికి నాకు నోరు వచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడాను అమ్మా, ఒక్క ప్రశ్న కూడా తప్పుగా వినలేదు. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. రాకపోతే పనిలో తక్కువైనందుకే రాలేదని నమ్ముతాను. ఆ తేడా నాకు చాలా పెద్దది.

నువ్వు నా చెవుల మీదికి జుట్టు లాగి జడ వేసేదానివి. బళ్లో ఎవరూ నవ్వకూడదని, పెళ్లిచూపుల్లో ఎవరూ చూడకూడదని. అది తప్పని నేను అనడం లేదు. అప్పుడు నువ్వు అలా కప్పబట్టే నేను ఏడవకుండా బడికి వెళ్లాను. ఇప్పుడు జుట్టు వెనక్కి కట్టుకుంటున్నాను, అంతే. నువ్వు చేసిందేదీ కాదనుకుంటున్నానని మాత్రం అనుకోకు.

కావలి పిన్నికి చెప్పు, వాళ్లవాడు చూపు తక్కువని చెప్పకుండా బెంగళూరులో ఇంటర్వ్యూలకు వెళ్తున్నాడట. మన దేశంలోనూ 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 20 మందో అంతకంటే ఎక్కువమందో పనిచేసే ప్రైవేటు కంపెనీ కూడా సమాన అవకాశాల విధానం రాసిపెట్టుకుని, ఈ పనులు చూడటానికి ఒక మనిషిని పెట్టాలి. ఆ మనిషి ఎవరో కనుక్కుని నాలుగు వాక్యాలు రాయమను. పరీక్ష కాగితం పెద్ద అక్షరాల్లో కావాలా, స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ కావాలా, అది తేల్చి రాయాలి. 'నాకు చూపు తక్కువ' అని మాత్రం రాసి వదిలేస్తే, ఏం చేయాలో వాళ్లకు తెలియదు. కావాలంటే రాసింది నాకు పంపమను, చూస్తాను.

పోయిన రొట్టెల పండగకి నెల్లూరు స్వర్ణాల చెరువులో నా కోసం ఉద్యోగ రొట్టె పట్టావని అక్క చెప్పింది. మోకాళ్ల నొప్పులతో ఆ జనంలో ఎందుకు దిగావు? కోరిక తీరితే రొట్టె తిరిగి ఇవ్వడానికి ఈసారి నేనే వస్తాను. నువ్వు గట్టున కూర్చో, నేను దిగుతాను.

వచ్చే గురువారంలోగా చెబుతామన్నారు. ఏ సంగతైనా ముందు నీకే చెబుతాను.

ఆదివారం కాల్ చేసినప్పుడు వరండాలో కాకుండా ముందు గదిలో, కిటికీకి ఎదురుగా కూర్చోండి. వెలుతురు మీ మొహం మీద పడాలి. టీవీ కట్టేయండి. నువ్వూ నాయనా ఒకేసారి మాట్లాడకండి, ముందు నాయన, తర్వాత నువ్వు. ఆ రోజు నాయన ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు, మళ్లీ చెప్పమను.

మీ
బుజ్జి