అడుగు తెగిన బిల్లు ఫోటో ఇక తీసుకోం

"ఫోటోలో టోటల్ కనిపిస్తోంది కదండీ, మళ్ళీ బిల్లు ఎందుకు అడుగుతున్నారు?"

మీ షాపుల జీఎస్టీ రిటర్న్‌లు వేసే మా ఆఫీసు వల్ల జూలై–సెప్టెంబర్ 2025 రిటర్న్‌లో తప్పు జరిగింది కాబట్టి. కొన్ని కిరాణా షాపుల సేల్స్‌లో పన్ను తక్కువ చూపించాం.

ఒంటి సబ్బు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5కి దిగింది. ఆ ఒక్క క్వార్టర్‌లో అదే సబ్బుకి 21వ తేదీ దాకా ఒక రేటు, ఆ తర్వాత ఇంకో రేటు. బిల్లులు ఎక్కించే పని బయటివాళ్ళకి ఇచ్చాం. వాళ్ళు అక్టోబర్‌లో కూర్చుని, బిల్లు తేదీ చూడకుండా సరుకు పేరు చూసి రేటు వేశారు.

టోటల్ సరిచూస్తే దొరకదా అంటారు. సెప్టెంబర్ 10 నాటి 1,180 రూపాయల సబ్బుల బిల్లు చూడండి. అసలు లెక్క సరుకు విలువ 1,000, పన్ను 180. ఫోటోలో అడుగున ఉండే పన్ను గడులు తెగిపోతే, టైప్ చేసేవాడు 1,180ని 1.05తో భాగిస్తాడు. విలువ 1,123.81, పన్ను 56.19 వస్తాయి. రెండూ కలిపితే మళ్ళీ 1,180 రూపాయలే! టోటల్ చక్కగా కలిసింది, పన్ను మాత్రం 123.81 తగ్గింది. పైగా జీఎస్టీ నంబర్ లేని కస్టమర్ల సేల్స్, అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1 టేబుల్ 7లో రేటు వారీ మొత్తంగానే పోతాయి. ఒక్కో బిల్లు ఎవరికీ కనిపించదు.

ఇప్పుడు అక్టోబర్–డిసెంబర్ రిటర్న్‌లో, టేబుల్ 10 ద్వారా ఆ మొత్తాలు సవరిస్తున్నాం. తగ్గిన పన్ను మీరు కస్టమర్ దగ్గర వసూలు చేసిందే, కాబట్టి మీరే కట్టాలి. దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ మాత్రం మాది.

అడుగు తెగిన ఫోటోలు ఒప్పుకోవాలా వద్దా అని చాలా రోజులు కొట్టుకున్నాం. "పక్కాయన ఇన్ని ప్రశ్నలు అడగడు, ఫీజు కూడా తక్కువ" అన్నవాళ్ళున్నారు. ఆ మాట గుచ్చుకుంది. అయినా టోటల్ నుంచి వెనక్కి లెక్కగట్టడం ఇక మా దగ్గర ఉండదు. బిల్లు నంబర్, తేదీ, రేటు వారీ విలువ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఒకే ఫోటోలో కనబడాలి. సీజీఎస్టీ అంటే పన్నులో సగం, కాబట్టి 5, 18 శాతం రేట్ల సరుకులో దాన్ని విలువతో భాగిస్తే 2.5 శాతమో 9 శాతమో రావాలి. 5.1 లాంటిది వస్తే రెండు రేట్ల సరుకు ఒకే వరుసలో పడినట్టు. ఆ బిల్లు మీకే తిరిగొస్తుంది.

సెప్టెంబర్ 22కి ముందు అమ్మిన సబ్బులు కస్టమర్ ఇప్పుడు వాపసు ఇచ్చినా క్రెడిట్ నోట్ పాత 18 శాతం మీదే రాయండి, అసలు బిల్లు నంబర్ వేసి. ఈ క్వార్టర్ జీఎస్టీఆర్-1 గడువు జనవరి 13. ఫోటోలు 5వ తేదీకల్లా పంపండి, తిప్పి పంపినవి మళ్ళీ తీయడానికి టైముండాలి.