పాసు పుస్తకం అద్దెకిచ్చిన పిల్లవాడి గురించి

తిరుపతి జిల్లా ఎస్పీ గారికి నమస్కారాలు.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మీ శాఖ ఊరంతా బోర్డులు పెట్టింది. సంతోషమే. అవి డబ్బు పోగొట్టుకునేవారి కోసం. ఆ డబ్బు వచ్చి పడే ఖాతా ఎవరిదో, ఆ మనిషిని ఎవరు హెచ్చరించాలో నాకు ఎక్కడా కనిపించలేదు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను.

మా వీధిలో డిగ్రీ చదివే అబ్బాయి ఉన్నాడు. బస్టాండు దగ్గర టీ కొట్టులో పరిచయమైన ఒకాయన, తనది వెంకటగిరి చీరల వ్యాపారమని, తన ఖాతాకు ఈ నెల పరిమితి దాటిపోయిందని చెప్పాడట. ‘నీ ఖాతాలో వేయిస్తాను తమ్ముడూ, నేను చెప్పినవాళ్లకు పంపు, నూటికి ఐదు రూపాయలు నీవి’ అన్నాడు. నిజమైన వ్యాపారి కరెంటు ఖాతా తెరుచుకుంటాడు గానీ, ముక్కూ ముఖమూ తెలియని విద్యార్థి పొదుపు ఖాతాకు ఐదు శాతం ఎందుకు ఇస్తాడు? ఈ ఒక్క ప్రశ్న వాడికి తట్టలేదు.

మర్నాడు ఎనభై వేల చొప్పున మూడుసార్లు, మొత్తం 2,40,000 జమ అయింది. 12,000 ఉంచుకుని, మిగిలిన 2,28,000ను 57,000 చొప్పున నాలుగు ఖాతాలకు పంపేశాడు. అరగంట కూడా పట్టలేదు. ఆ తొందరంతా ఎందుకంటే, మోసపోయినవారు సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసేలోపు డబ్బు చేతులు మారిపోవాలి. ఎన్ని చేతులు మారితే దాన్ని పట్టుకోవడం అంత కష్టం.

నాలుగో రోజు ఖాతా స్తంభించింది. ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఒక పెద్దాయన పోగొట్టుకున్నదట. అక్కడి పోలీసుల నుంచి హాజరు కమ్మని నోటీసు వచ్చింది. చీరల వ్యాపారి ఫోన్ అప్పటికే మూగబోయింది. కాగితాల మీద మిగిలింది మా వాడి పేరు, ఆధార్, ఫొటో. తీసుకున్నది పన్నెండు వేలే అయినా ప్రశ్న మాత్రం మొత్తం రెండు లక్షల నలభై వేలకూ వచ్చింది. ఫీజు డబ్బులు పడేదీ ఆ ఖాతాలోనే.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఖాతా తెరిచే బల్ల మీద, హాస్టల్ గోడ మీద ఒక కాగితం అంటించండి. ఖాతాను గానీ ఏటీఎం కార్డును గానీ దానికి కలిపిన సిమ్మును గానీ కమీషనుకు ఇస్తే కేసులో ఇరుక్కుంటారని రాయండి. కింద మరో మాట: తెలియని డబ్బు ఇప్పటికే పడి ఉంటే ఖర్చు పెట్టవద్దు, అపరిచితుడు చెప్పిన ఖాతాకు ‘తిరిగి’ పంపవద్దు, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోవాలి, తర్వాత స్టేషనుకు రావాలి.

అలా తనంతట తాను వచ్చిన పిల్లవాణ్ణి ఏ బల్ల దగ్గరకు పంపాలో మీ స్టేషన్లకు కూడా చెప్పండి. మా వాడు వెళ్లినప్పుడు మూడు గదులు తిప్పి, రేపు రమ్మన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తిరుపతి